బాస్ కొందరినే నెత్తిన పెట్టుకుంటే: అడగడమా, పైకి చెప్పడమా, టీమ్ మారడమా?

వడ్డించేవాడు మనవాడైతే కడ బంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. మనవాడు కానప్పుడు ఏం చేయాలన్నదే చాలామంది పదేపదే అడిగే ప్రశ్న. బాస్‌తో నేరుగా మాట్లాడాలా, హెచ్‌ఆర్‌కి చెప్పాలా, అందరూ కలిసి గట్టిగా అడగాలా, టీమ్ మారిపోవాలా? వీటిలో ఏది పనికొస్తుందో తేలాలంటే ముందు ఒక సంగతి చూసుకోవాలి. బాస్ ఆ కొందరికి ఇస్తున్నది చనువా, పనా?

కలిసి టీ తాగడం, జోకులు వేసుకోవడం, మీటింగ్‌లో పేరు పెట్టి మెచ్చుకోవడం చనువు కిందికి వస్తాయి. అది చూస్తే మనసు చివుక్కుమంటుంది, కానీ దాన్ని ఎవరూ సరిచేయలేరు. పైవాళ్ల కంట్లో పడే ప్రాజెక్ట్, క్లయింట్ ముందు మాట్లాడే అవకాశం, ట్రైనింగ్ సీటు, లీడ్ సెలవులో ఉన్నప్పుడు ఆ బాధ్యత చూడటం మాత్రం పని కిందికి వస్తాయి. అసలు నష్టం ఇక్కడే. అప్రైజల్‌లో రేటింగ్ తగ్గినప్పుడు అన్యాయం అప్పుడే జరిగిందనుకుంటాం గానీ, అది చాలా నెలల ముందు, పని పంచిన రోజే జరిగిపోయి ఉంటుంది. చూపించుకోదగ్గ పని చేతికి రానివాడికి రేటింగ్ సమయంలో వాదించడానికి ఏమీ ఉండదు.

కాబట్టి ఏ దారి పట్టినా ముందు ఆరు వారాల పాటు ఒక చిన్న పట్టిక రాసుకోవాలి. తేదీ, ఏ పని, ఎవరికి వెళ్లింది, బాస్ చెప్పిన కారణం, అంతే. బాస్ గుణగణాల గురించి ఒక్క ముక్క కూడా అందులో ఉండకూడదు. దాన్ని కంపెనీ లాప్‌టాప్‌లో కాకుండా సొంత నోట్‌బుక్‌లో రాసుకోవడం మంచిది. క్లయింట్ వివరాలు, కంపెనీ ఫైళ్లు మాత్రం అందులోకి తేవద్దు.

ఉదాహరణకి ఎనిమిది మంది ఉన్న టీమ్‌లో బాస్‌కి దగ్గరివాళ్లు ముగ్గురనుకుందాం. ఆరు వారాల్లో చెప్పుకోదగ్గ పనులు పదకొండు వస్తే, ఎనిమిది ఆ ముగ్గురికే వెళ్లాయి. చూడగానే ఒళ్లు మండుతుంది. కానీ పట్టికని ఇంకోసారి నిదానంగా చదివితే, మూడు పనులు వాళ్లు ముందు నుంచీ చేస్తున్నవాటికి కొనసాగింపే. రెండింటికి అవసరమైన నైపుణ్యం టీమ్‌లో వాళ్లకే ఉంది. సరైన కారణం కనబడనివి మిగతా మూడే: నెలనెలా క్లయింట్‌కి ఇచ్చే డెమో, ఒక ట్రైనింగ్ సీటు, లీడ్ లేనప్పుడు వారాంతపు మీటింగ్ నడపడం. ఇప్పుడు ‘ఎనిమిది పనులు వాళ్లకే ఇచ్చారు’ అంటే బాస్ ఐదింటికి జవాబు చెప్పి మొత్తం వాదన కొట్టేస్తాడు. ఈ మూడింటిలో ఒక్కదాన్ని పట్టుకుంటే కొట్టేయడం కష్టం.

అందుకే నా ఓటు ముందుగా నేరుగా అడగడానికే. అయితే న్యాయం అడగకూడదు, పని అడగాలి. ‘మీరు వాళ్లకే ఇస్తున్నారు సార్’ అన్న మరుక్షణం మాట ఆ ముగ్గురి ప్రతిభ మీదికి మళ్లుతుంది. బాస్ వాళ్లని వెనకేసుకొస్తాడు, మనకి అసూయ అన్న ముద్ర పడుతుంది. దాని బదులు వన్ టు వన్‌లో ఇలా అడగొచ్చు: ‘సార్, వచ్చే నెల క్లయింట్ డెమో నేను చేస్తాను. ఈ నెల డెమోలో పక్కన కూర్చుని చూస్తాను, మీకు ముందు రోజు ఒకసారి రిహార్సల్ చూపిస్తాను. ఇంకేమైనా నేర్చుకోవాలంటే చెప్పండి.’ ఇందులో మూడో పేరు లేదు, ఫిర్యాదు లేదు. బాస్‌కి ఉండే భయానికి, అంటే పని చెడిపోతుందేమోనన్న భయానికి, జవాబు మాత్రం ఉంది. చాలా సందర్భాల్లో పక్షపాతానికి మూలం ఆ భయమే. గడువు దగ్గరపడ్డప్పుడు అలవాటైన చెయ్యినే పట్టుకుంటాడు, అది క్రమంగా వాడుకగా మారుతుంది. 1975లో డాన్సరో, గ్రేన్, హాగా అనే పరిశోధకులు ఈ తీరునే వర్ణించారు. ఒకే మేనేజర్ కొందరితో నమ్మకం మీద ఇచ్చిపుచ్చుకుంటాడు, మిగతావాళ్లతో ఉద్యోగ నిబంధనల మేరకే ఉంటాడు.

మాట్లాడిన రోజే రెండు లైన్ల మెయిల్ పెట్టాలి: ‘ఈ రోజు అనుకున్నట్టు వచ్చే నెల డెమో నేను చేస్తాను, 20వ తేదీకి రిహార్సల్ చూపిస్తాను.’ మెయిల్ లేకపోతే నెల తిరిగేసరికి ఆ మాట ఎవరికీ గుర్తుండదు. ఈ సంభాషణ అప్రైజల్‌కి కనీసం మూడు నెలల ముందు జరగాలి. రెండు వారాల ముందు అడిగితే అది రేటింగ్ కోసం బేరంలా వినిపిస్తుంది.

ఇది పనిచేయడం లేదని ఎలా తెలుస్తుంది? కారణం మారుతూ ఉంటే. మొదటిసారి ‘నీకు ఈ టూల్ రాదు’ అన్నాడు, నేర్చుకున్నారు. రెండోసారి ‘క్లయింట్‌కి నువ్వు కొత్త’ అన్నాడు, రెండు కాల్స్‌లో కూర్చున్నారు. మూడోసారి ‘ఇప్పుడు సమయం కాదు’ అంటే అది భయం కాదు, ఇష్టం. అక్కడితో అడగడం ఆపాలి.

పై బాస్‌కి లేదా హెచ్‌ఆర్‌కి చెప్పే దారికి బలం ఉన్నది ఒక్క చోటే. ఆడా మగా, కులం, మతం, భాష, చుట్టరికం లాంటివి పక్షపాతానికి ఆధారమైతే, లేదా ఎవరినైనా వేధిస్తుంటే, నేరుగా అడగడం దండగ. ఆధారాలతో హెచ్‌ఆర్‌కే వెళ్లాలి. ‘నచ్చినవాళ్లకి మంచి పని ఇస్తున్నాడు’ అన్న మామూలు పక్షపాతానికి మాత్రం హెచ్‌ఆర్ చేతిలో వాడదగ్గ నిబంధన సాధారణంగా ఉండదు. విచారిస్తే బాస్‌నే అడుగుతారు. పేరు చెప్పకపోయినా, ఉన్నది ఎనిమిది మందే కాబట్టి ఎవరో తేలిగ్గా ఊహిస్తాడు. పై బాస్ దగ్గరికి వెళ్లినా ఫిర్యాదుగా కాకుండా, ‘ఫలానా పనికోసం ప్రయత్నిస్తున్నాను, దానికి ఏం కావాలి’ అని అడిగితే నష్టం తక్కువ.

మిగతా ఐదుగురూ కలిసి అడగడం గురించి ఒక తేడా గుర్తుంచుకోండి. భారాలకి అది బాగా పనిచేస్తుంది, అవకాశాలకి పనిచేయదు. వారాంతపు డ్యూటీలు, రాత్రి కాల్స్, పండగ సెలవులు ఎప్పుడూ ఆ ముగ్గురిని తప్పించి మిగతావాళ్ల మీదే పడుతుంటే, టీమ్ మీటింగ్‌లో ‘వంతుల పట్టిక పెట్టుకుందాం’ అంటే చాలు. ఎనిమిది పేర్లు, ఎనిమిది వారాలు, అందరికీ కనిపించే షీట్. ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేదు, వద్దనడానికి బాస్‌కి కారణమూ దొరకదు. క్లయింట్ డెమో లాంటివి మాత్రం వంతులకి లొంగవు. అందరూ సంతకాలు పెట్టి ఇచ్చే ఉత్తరాలు మాత్రం వద్దు, సంతకం పెట్టనివాడు ఆరోజే దగ్గరివాడైపోతాడు.

బాస్‌ని కాకా పట్టడం కూడా ఒక దారే అనేవాళ్లున్నారు. బాస్ మారిన రోజున ఆ పెట్టుబడి మొత్తం పోతుంది. ఇక చెప్పడానికేం లేదు.

మిగిలింది టీమ్ మారడం. కారణాలు మూడుసార్లు మారాక ఇదే మేలు, ఇంకా ఏడాది ఎదురుచూడటం కన్నా. అయితే అప్రైజల్ మధ్యలో మారితే చాలా కంపెనీల్లో పాత బాస్ అభిప్రాయమే రేటింగ్‌కి లెక్క, కాబట్టి రేటింగ్ వచ్చాక మారడం మంచిది. కొత్త టీమ్ ఇంటర్వ్యూలో పాత బాస్ ప్రస్తావన తేవద్దు. ‘క్లయింట్ ముందు పని చేయాలనుకుంటున్నాను, అక్కడ ఆ అవకాశం కనబడలేదు’ అంటే సరిపోతుంది. కొత్త బాస్‌ని కూడా ఒక ప్రశ్న అడగండి: ఇక్కడ కొత్త పని వస్తే ఎవరికివ్వాలో ఎలా నిర్ణయిస్తారు? చివరిగా వచ్చిన పని ఎవరికి, ఎందుకు ఇచ్చారో తడుముకోకుండా చెప్పగలిగితే వెళ్లొచ్చు. ‘మా దగ్గర అందరూ సమానమే’ అని ఊరుకుంటే, ఆ టీమ్‌లోని ఇద్దరితో విడిగా మాట్లాడాకే సరేననండి.