అమ్మకాల వెల్లువ రోజే కొనాలా, మళ్లీ దిగేదాకా ఆగాలా?

బరంపురం బడాబజారులో పట్టుచీరల కొట్టు నడిపే మా బావ ఈ నెలలో నన్ను మూడుసార్లు ఒకటే అడిగాడు. "ఈ షేరు ఏడాదిగా పడుతూనే ఉంది కదా, నిన్న వాల్యూమ్ చూశావా? అమ్మేవాళ్లంతా అమ్మేశారు. ఇంకెవరు మిగిలారని, కొనేద్దామా?" ఇదే ప్రశ్న మరో ఇద్దరు ముగ్గురు మిత్రులూ అడిగారు కాబట్టి రాస్తున్నాను.

వెల్లువ రోజే కొనేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. దీర్ఘపతనం చివర మార్జిన్ కట్టలేనివాళ్ల షేర్లను బ్రోకర్లే అమ్మేస్తారు, ఓపిక పట్టినవాళ్లూ చేతులెత్తేస్తారు. చేతులు మారే షేర్ల సంఖ్య, అంటే వాల్యూమ్, రోజువారీ సగటుకు ఎన్నో రెట్లు వస్తుంది. అమ్మకాల వెల్లువ అంటే అదే. ఆ రోజు దొరికే ధర మళ్లీ దొరక్కపోవచ్చు. కానీ అమ్మిన ప్రతి షేరునూ ఎవరో ఒకరు కొన్నారు. ఆ కొన్నది ఎవరన్నది వాల్యూమ్ కడ్డీ చెప్పదు. సాయంత్రానికి వదిలించుకునేవాళ్లూ, ముందే అమ్మిన షార్టులు మూసుకోడానికి కొనేవాళ్లూ, రెండు రూపాయలు పెరిగితే చాలనుకునేవాళ్లూ అందులో ఉంటారు. వాళ్లెవరూ షేరు ఉంచుకునేవాళ్లు కాదు, కొందరైతే రేపటి అమ్మకందార్లే.

2008 జనవరి 22న నేను ఇక్కడే పొరబడ్డాను. నిఫ్టీ ట్రేడింగ్ ఆపేసే లోయర్ సర్క్యూట్ తగిలి 4,448 దాకా దిగి, ముగింపుకి 4,899కి లేచింది. అదే అడుగనుకుని కొన్నాను. జులైలో అది 3,800 కిందికి పోయింది. జనవరి 8 నాటి శిఖరం 6,357 నుంచి నేను కొన్న రోజుకి గడిచింది రెండు వారాలే. ఏళ్లుగా లాభంలో ఉన్నవాళ్లు ఇంకా అమ్మడమే మొదలుపెట్టలేదని నాకు తట్టలేదు. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తున్నవాళ్లకి చెప్పనక్కర్లేదు: తుఫాను కన్ను మీదుగా పోతున్నప్పుడు గాలి ఆగుతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది.

అసలు అడుగు అక్టోబరు 27న వచ్చింది. 2,252 దాకా దిగి 2,524 దగ్గర ముగిసింది. చూడాల్సింది ఆ తర్వాత జరిగింది. మధ్యలో లేచినా, నవంబరు 20న 2,553 దగ్గర, 2009 మార్చి 9న 2,573 దగ్గర ముగిసింది. అంటే నాలుగున్నర నెలలు ఆగి కొన్నవాడు వెల్లువ రోజు ముగింపు కన్నా దాదాపు రెండు శాతమే ఎక్కువ పెట్టాడు. అన్నిసార్లూ ఇంత చవగ్గా తేలదు. 2020 మార్చి 23న 7,610 దగ్గర ముగిసిన నిఫ్టీ, లేచి, ఏప్రిల్ 3న 8,084 దాకానే వెనక్కొచ్చింది. ఆగినందుకు ఆరు శాతం పోయింది.

నేను ఆగమనేది ధర కోసం కాదు, వెనక్కొచ్చినప్పటి వాల్యూమ్ కోసం. ఒక షేరు ఏడాదికి పైగా పడి 400 నుంచి 150కి వచ్చిందనుకోండి. మామూలు రోజున రెండు లక్షల షేర్లు చేతులు మారతాయి. ఒక రోజు 18 లక్షలు మారి, 132 తాకి 149 దగ్గర ముగిసింది. పదిరోజుల్లో 172కి లేచింది, మళ్లీ మెల్లగా 138కి దిగింది. అక్కడ రోజుకి లక్షన్నర షేర్లే మారుతుంటే, ధర దిగినా అమ్మడానికి మనుషుల్లేరన్నమాట. అదే 138 దగ్గర 12 లక్షలు మారి, రోజు కనిష్ఠానికి దగ్గర్లో ముగిస్తే అది మజిలీయే. ఎక్కాల్సిన మెట్లు కాదు, దిగాల్సినవి ఇంకా ఉన్నాయి. ఇంకో లాభం, నష్టానికి హద్దుగా పెట్టుకునే స్టాప్‌లాస్‌లో ఉంది. రెండు చోట్లా అది 130 దగ్గరే పెడతాం. 149కి కొంటే షేరుకి 19 రూపాయల రిస్క్, తిరిగి లేస్తుండగా 142కి కొంటే 12.

ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే, డెలివరీ లెక్కలు కూడా ఉండే పూర్తి భావ్‌కాపీలో `DELIV_QTY` గడి కూడా చూడండి. వెల్లువ రోజు డెలివరీ షేర్ల సంఖ్య కూడా మామూలు కన్నా బాగా పెరిగితే ఇంటికి తీసుకెళ్లినవాళ్లు ఉన్నట్టు. వాల్యూమ్ మాత్రమే పెరిగి డెలివరీ పెరగకపోతే అదంతా ఆ రోజు ఆటే. ఒక జాగ్రత్త: వరసగా లోయర్ సర్క్యూట్లు తగిలే చిన్న షేర్లలో వాల్యూమ్ తగ్గడం మంచి సంకేతం కాదు. అక్కడ కొనేవాళ్లు లేక అమ్మకం ఆగింది. సర్క్యూట్ తెరుచుకున్న రోజే ఆ షేర్లకి అమ్మకాల వెల్లువ.

ధర 200 రోజుల సగటు దాటాక కొనడం మూడో దారి. అది నిలకడగా ఉంటుంది, కానీ అప్పటికి అడుగు చాలా దూరంలో ఉంటుంది.

వెల్లువ నాడే కొని తీరాలనుకుంటే పెట్టదల్చినదాంట్లో నాలుగో వంతు పెట్టండి, మిగతాది రెండోసారి దిగినప్పటికి ఉంచండి. మా బావ అలాగే చేశాడు. అతని షేరు ఈ వారం కనిష్ఠానికి మూడు రూపాయల దూరానికి వచ్చింది. వాల్యూమ్ మాత్రం ఇంకా మామూలుకి రెట్టింపు ఉంది, అందుకే మిగతా డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది.