పిల్లికూతలతో పరుగు: వార్మప్, పీక్ ఫ్లో మీటరు నాకు ఎలా పనిచేశాయి

పాలకొల్లు దగ్గర మా ఊరి కాలవ గట్టు మీద ఆరేళ్లుగా పరుగెడుతున్నాను. ఒకరోజు ఐదు కిలోమీటర్లు అయ్యాక లాకుల దగ్గర కూర్చుంటే, నాతో పరుగెత్తే కుర్రాడు "మేష్టారూ, మీ గుండెల్లో పిల్లికూతలు వినపడుతున్నాయండీ" అన్నాడు. "వయసురా" అని కొట్టిపారేశాను. అప్పటికే అవి నాలుగేళ్లుగా ఉన్నాయి.

మామూలు ఆయాసం ఆగిన కాసేపటికి తగ్గుముఖం పడుతుంది. నాది ఆగాకే పెరిగేది. ఐదు నుంచి పదిహేను నిమిషాల్లో ఛాతీ బిగుసుకునేది, ఊపిరి వదిలేటప్పుడు ఈల వచ్చేది, పొడి దగ్గు పట్టేది. గంటలోపు దానంతటదే పోయేది. ఇంటికెళ్లేసరికి తగ్గిపోతోందిగా అనుకునే ఇన్నాళ్లూ డాక్టరు దగ్గరికి వెళ్లలేదు.

చివరికి వెళ్తే ఊపిరితిత్తుల డాక్టరుగారు ముందు అడిగింది ఒకటే: "ఈల పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా?" పరుగు జోరు మీద ఉండగా పీల్చేటప్పుడు గొంతు దగ్గర వచ్చి, ఆగగానే పోతే అది స్వరతంతువులు బిగుసుకోవడం కావచ్చట, దానికి ఇన్‌హేలర్ పెద్దగా పనిచెయ్యదట. తర్వాత స్పైరోమెట్రీ చేశారు. మొదటి సెకనులో నేను ఊదగలిగిన గాలి ట్రెడ్‌మిల్‌కు ముందు 3.10 లీటర్లు, తర్వాత 2.60. అంటే 16 శాతం తగ్గింది. పది శాతం తగ్గినా వ్యాయామంతో వచ్చే ఉబ్బసమని అనుమానించాల్సిందేనట.

మా వైపు గాలి తేమగానే ఉంటుంది కదండీ, నాకెందుకు వచ్చిందని వాదించాను. గబగబా నోటితో పీల్చే గాలిని తడపడానికి శ్వాసనాళాల లోపలి తడి ఖర్చవుతుంది, ఆ పొర ఎండితే చుట్టూ ఉన్న కండరాలు బిగుస్తాయి అన్నారు. తేమ కొంత కాపాడుతుంది గానీ పొగనీ దుమ్మునీ ఆపదు. కోతలయ్యాక మా చేలల్లో గడ్డి కాల్చే రోజులు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఇక వార్మప్. అంతకుముందు నాది చేతులు నాలుగుసార్లు తిప్పి బయల్దేరడమే. ఇప్పుడు ఐదు నిమిషాలు వడిగా నడక, ఐదు నిమిషాలు నెమ్మదిగా జాగింగ్. ఆ తర్వాత అసలు పని: ముప్ఫై సెకన్లు జోరుగా పరుగు, నిమిషం నడక, ఇలా ఆరేడు సార్లు. మళ్లీ ఐదు నిమిషాలు నడిచి అప్పుడు మొదలుపెడతాను. ఈ చిన్న జోరులు నాళాలను కాస్త కదిలించి వదిలేస్తాయి, ఆపైన రెండు గంటల దాకా అవి అంత సులువుగా బిగుసుకోవు. అందరికీ ఇలా జరగదు. నాకు జరిగింది.

ఎంత జరిగిందో, ఊపిరి ఎంత వేగంగా ఊదగలనో కొలిచే పీక్ ఫ్లో మీటరు చెప్పింది. పరుగుకు ముందు, ఆగిన పది నిమిషాలకు మూడేసి సార్లు నిలబడి ఊది, పెద్ద అంకె రాసుకుంటాను. వార్మప్ లేని రోజు నిమిషానికి 480 లీటర్ల నుంచి 390కి పడింది. చేసిన రోజు 450 దగ్గర ఆగింది. దీనితో ఒక ఇబ్బంది ఉంది: బద్ధకంగా ఊదితే అంకె అబద్ధం చెబుతుంది. మూడు అంకెలూ దగ్గరదగ్గరగా లేకపోతే ఆ రోజు లెక్క నేను నమ్మను.

వార్మప్ నన్ను ఓడించిన రోజులూ ఉన్నాయి. డిసెంబరులో మంచు, గడ్డి పొగ కలిసిన ఒక ఉదయం అంతా పద్ధతిగా చేసినా 400కి దిగింది. జలుబు తగ్గాక కూడా రెండు మూడు వారాలు అంతే. ఇప్పుడు అలాంటి రోజు ఇంట్లోనే ఉంటాను.

డాక్టరుగారు పరుగుకు పావుగంట ముందు, నాళాలను వదులు చేసే సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ని స్పేసర్ అనే గొట్టంతో పీల్చమన్నారు. బాగా పనిచేసింది, అందుకే రోజూ వాడేశాను. కొన్ని నెలలకు అది పనిచెయ్యడం తగ్గింది. రోజూ వాడితే అలాగే అవుతుందని ఆయన చెప్పి, లోపలి వాపు తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కలిపారు. ఇది నా మందు, మీకు ఏది కావాలో పరీక్షే చెప్పాలి.

రాత్రి దగ్గు, పరుగు లేని రోజు కూడా ఈల, ఇన్‌హేలర్ అవసరం పెరగడం ఉంటే అది ఉబ్బసం అదుపులో లేకపోవడమే కావచ్చు, అపాయింట్‌మెంట్ తీసుకోండి. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా గుండె పరీక్ష ముందు. ఇన్‌హేలర్ పీల్చినా తగ్గక, వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చెయ్యాలి.

ఆ కుర్రాడు ఇప్పుడు నా వార్మప్ అయ్యేదాకా లాకుల దగ్గర కూర్చుని, ఎన్నో జోరో లెక్కపెడుతుంటాడు.