మూడేళ్లు సిలిండర్ తూచి చూశాను: మంట, మూత, నానబెట్టడం, కుక్కర్ గురించి నా అనుభవం

మాది విజయవాడ. ఇంట్లో నలుగురం, రెండు పూటలా అన్నం, రోజూ ఏదో ఒక పప్పు. మూడేళ్ల కిందట 14.2 కిలోల సిలిండర్ మాకు 34 రోజులు వచ్చేది. ఇప్పుడు 45, 46 రోజులు వస్తోంది. స్టవ్ మార్చలేదు, కుక్కర్ మార్చలేదు, వంటలూ తగ్గించలేదు.

రోజుల లెక్క ఒక్కటే నమ్మితే పొరపాటు పడతామని (పండగలు, చుట్టాలు, ఊరెళ్లడాలు ఉంటాయి కదా), ప్రతి ఆదివారం స్టవ్ ఆపి, రెగ్యులేటర్ తీసి, మేం బరువు చూసుకునే మిషన్ మీదే సిలిండర్‌ను పెట్టి తూచేదాన్ని. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది, అది తీసేస్తే మిగిలిన గ్యాస్ ఎంతో తెలుస్తుంది. మొదట్లో వారానికి 2.9 కిలోలు ఖర్చయ్యేది. ఇప్పుడు 2.2 కిలోల దగ్గర నిలబడింది.

అన్నిటికంటే ముందు మార్చింది విజిల్స్ లెక్క. మా అమ్మ నుంచి నాకు వచ్చిన అలవాటు ప్రకారం కందిపప్పుకి అయిదు విజిల్స్, అదీ పెద్ద మంట మీద. ఒకరోజు అనుమానం వచ్చి కుక్కర్ అడుగున సరిగ్గా రెండు గ్లాసుల నీళ్లు కొలిచి పోసి, లోపల గిన్నెలు పెట్టాను. అయిదు విజిల్స్ వచ్చాక చల్లారనిచ్చి మళ్లీ కొలిస్తే ముప్పావు గ్లాసు తగ్గింది. మర్నాడు అవే గిన్నెలు, అవే కొలతలు. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి, ఎనిమిది నిమిషాలకు ఆపేశాను. ఈసారి తగ్గింది రెండు మూడు చెంచాలు. పప్పు రెండు రోజులూ ఒకేలా ఉడికింది.

ఆ ముప్పావు గ్లాసు నీళ్లు ఆవిరై పోవడానికి ఎంత గ్యాస్ పడుతుందో తెలిస్తే మంట దగ్గర చెయ్యి దానంతటదే సిమ్ వైపు తిరుగుతుంది. లీటరు మామూలు నీళ్లు మరగడానికి సుమారు 70 కిలోక్యాలరీల వేడి చాలు. అదే లీటరు నీళ్లు పూర్తిగా ఆవిరి కావాలంటే ఇంకా 540 కావాలి. అంటే ఎసరు కాగేదాకా అయ్యే ఖర్చు చిన్నది, కాగాక ఆవిరిగా వదిలేసేది పెద్దది. పైగా కుక్కర్‌లో ఒత్తిడి నిండాక లోపలి వేడి 120 డిగ్రీల దగ్గర ఆగుతుంది. వెయిట్ లేచి ఆవిరిని వదిలేస్తుంది కాబట్టి, కింద ఎంత పెద్ద మంట పెట్టినా అంతకు మించి పెరగదు. విజిల్ వచ్చిందంటే ఆ మంట ఎక్కువైందని కుక్కర్ చెబుతున్నట్టే. మొదటి నెల ఈ ఒక్కటే మార్చాను, వారానికి 2.9 కాస్తా 2.6 అయింది.

ఆపేశాక వెయిట్ ఎత్తి ఆవిరి వదిలేయడం కూడా మానేశాను. దానంతటది దిగడానికి పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాలూ పప్పు ఉచితంగా ఉడుకుతూనే ఉంటుంది.

నానబెట్టడం వల్ల లాభం నేను అనుకున్న చోట కాకుండా వేరే చోట కనిపించింది. నానని కందిపప్పు బియ్యం కంటే చాలా ఆలస్యంగా ఉడుకుతుంది. అందుకే ఇదివరకు రెండూ ఒకే కుక్కర్‌లో పెడితే పప్పు మెదిగేసరికి అన్నం ముద్దయ్యేది, చివరికి విడివిడిగా వండేదాన్ని. పొద్దున్నే పప్పు కడిగి ముప్పావు గంట నానబెడితే రెండింటి సమయం కలుస్తుంది. కింద పప్పు గిన్నె, పైన బియ్యం గిన్నె, ఒకే మంట. నానిందో లేదో చూడాలంటే ఒక బద్దను గోటితో నొక్కండి. మధ్యలో తెల్లటి గట్టి చుక్క లేకుండా విరిగితే చాలు. రాత్రంతా నానబెట్టాల్సింది శనగలు, ఉలవలు, బొబ్బర్లు. కందిపప్పును మన ఎండాకాలంలో రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి పులిసిన వాసన వస్తుంది, నేను ఒకసారి మొత్తం పారబోశాను. ఏప్రిల్, మే నెలల్లో శనగల గిన్నెను కూడా ఫ్రిజ్‌లోనే పెడతాను.

నానబెట్టినా పప్పు పలుకుగా ఉంటే పులుపు కారణమేమో చూడండి. గోంగూర పప్పుకి ఆకు, పప్పు కలిపి కుక్కర్‌లో వేస్తే పులుపుకి బద్ద గట్టిపడుతుంది, ఇంకో నాలుగు విజిల్స్ పెట్టాల్సి వస్తుంది. నేను గోంగూరను చిన్న గిన్నెలో వేసి అదే కుక్కర్‌లో పక్కన పెడతాను, దించాక పప్పుగుత్తితో కలిపి మెదుపుతాను. చింతపండు, ఉప్పు కూడా అప్పుడే. బోరు నీళ్లలోనూ ఇలాగే మొరాయిస్తుంది, పప్పు వరకు మంచినీళ్లు వాడటం మేలు.

కుక్కర్ విషయంలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది రబ్బరు. రెండో ఏడాది మధ్యలో వారం ఖర్చు ఉన్నట్టుండి మళ్లీ పెరిగింది. మొదటి విజిల్‌కి అంతకు ముందు పది నిమిషాలు పట్టేది, అప్పుడు పద్దెనిమిది నిమిషాలైనా రాలేదు. పిడి దగ్గర సన్నగా బుస్సుమనే శబ్దం, మూత అంచున నీటి బొట్లు. రబ్బరు సాగిపోయిందన్నమాట. దగ్గర్లోని దుకాణంలో అసలుదేనని ఇచ్చినది రెండు నెలలకే వదులైపోయింది. ఇప్పుడు కుక్కర్ కంపెనీదే, సైజు నంబరు చూసుకుని కొంటున్నాను, ఏడాదికొకటి మారుస్తున్నాను. పప్పు నేరుగా కుక్కర్‌లో వేసే రోజున సగానికి మించి నింపను, నాలుగు చుక్కల నూనె వేస్తాను. నురగ పొంగి వెయిట్ గొట్టంలో అడ్డుపడితే గ్యాస్ సంగతి అటుంచి, అది ప్రమాదం. ఆ గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందా అని మూత పెట్టే ముందు రోజూ ఎత్తి చూస్తాను.

మంట గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గిన్నె అడుగు దాటి బయటికి కనబడే మంట గిన్నెకి చేరదు. టీ గిన్నె, పోపు గరిటె ఎప్పుడూ చిన్న బర్నర్ మీదే. మంటలో పసుపు కనిపించి గిన్నెకి మసి పడితే బర్నర్ రంధ్రాలు పూడుకున్నట్టు. ఆ రోజే తీసి, పిన్నుతో పొడిచి కడుగుతాను.

మూత మాత్రం అన్నిటికీ పనికిరాదు. బీన్స్, బంగాళాదుంప, ఆకుకూర మూత పెట్టి సిమ్‌లో మగ్గిస్తే వాటిలో ఊరే తడితోనే ఉడుకుతాయి. వేపుడు కరకరలాడాలంటే చివర్లో మూత తీయాల్సిందే, దోసెకి, పూరీకి దానితో పనే లేదు. ఉలవచారు దగ్గర మొదట్లో నాకు ఏ లాభమూ రాలేదు. ఉలవల్ని ఎంత నానబెట్టి కుక్కర్‌లో పెట్టినా, ఆ కట్టు చిక్కబడాలంటే మూత తీసి గంటసేపు మరిగించాలి కదా. తర్వాత అర్థమైంది, నేను పోసే నీళ్లే ఎక్కువని. కప్పు ఉలవలకి ఎనిమిది కప్పుల నీళ్లు పోసి, అందులో సగం ఆవిరి చేసేదాన్ని. ఇప్పుడు రాత్రి నానబెట్టిన నీళ్లతో కలిపి అయిదు కప్పులే పోస్తున్నాను. మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో అరగంట, ఉడికిన గింజల్లో గుప్పెడు మెత్తగా రుబ్బి కట్టులో కలపడం. మరిగించేది పావుగంటకు తగ్గింది. మా అత్తయ్య రుచి చూసి, కట్టె పొయ్యి మీద చేసినంత చిక్కగా వచ్చిందన్నారు, వాసన మాత్రం అంత లేదన్నారు.