జాగ్రత్త: Join నొక్కే ముందు ఆ ఛానెల్ ఇంకా నడుస్తోందో లేదో చూసుకోండి

బ్లౌజు కటింగు నేర్పే ఒక యూట్యూబ్ ఛానెల్లో 2025 జూలై 6న నెలకు రూ.159 చొప్పున సభ్యత్వం తీసుకున్నాను. సభ్యులకు నెలకు రెండు ప్రత్యక్ష తరగతులు ఉంటాయని అందులో రాసి ఉంది. మూడు నెలల్లో రూ.477 కట్టాను కానీ ఒక్క తరగతీ జరగలేదు. ఛానెల్ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను దేన్ని చూసి మోసపోయానో, దేన్ని చూడకుండా వదిలేశానో మాత్రం వివరంగా చెబుతాను.

నేను చూసింది ఛానెల్ మొదటి పేజీ ఒక్కటే. రెండు లక్షలకు పైగా చందాదారులు, లక్షల వీక్షణలున్న వీడియోలు పై వరుసలో కనిపించేసరికి ఛానెల్ జోరుగా నడుస్తోందని అనుకున్నాను. ఆ పేజీలో ఏ వీడియోలు ముందు కనిపించాలో ఛానెల్ యజమానే అమర్చుకోవచ్చు కాబట్టి, అక్కడి వరుసకూ తేదీలకూ సంబంధం ఉండాలని లేదు. పని ఆగిపోయినంత మాత్రాన చందాదారుల సంఖ్య కూడా దానంతట అది పడిపోదు.

డబ్బు కట్టాక Videos విభాగంలోకి వెళ్లి Latest వరుసలో చూస్తే, అన్నిటికంటే పైనున్న వీడియో కింద '1 year ago' అని ఉంది. ఏడాదే కదా, ఏదో ఇంటి ఇబ్బంది వచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను. అయితే యూట్యూబ్ ఈ లెక్కలో పూర్తయిన సంవత్సరాలనే చూపిస్తుంది. ఏడాది నిండిన రోజు నుంచి రెండేళ్లకు ఒక్క రోజు తక్కువ వరకూ అదే మాట కనిపిస్తుంది. వీడియో తెరిచి వివరణ మీద నొక్కినప్పుడు కనిపించిన అసలు తేదీ 2023 ఆగస్టు 14, అంటే దాదాపు 23 నెలల కిందటిది. ప్రత్యక్ష తరగతులే మనకు కావలసినవైతే Live విభాగాన్ని కూడా ఇలాగే విడిగా చూడాలి, ఎందుకంటే పాత ప్రసారాల రికార్డింగులు అక్కడ ఉంటాయి. Shorts వరుసలో మాత్రం వీక్షణల సంఖ్యే తప్ప తేదీ కనిపించదు. ఒక్కొక్కటీ తెరిచి దాని వివరణలోనే తేదీ చూసుకోవాలి. నేను కొత్తవనుకున్న మూడు పొట్టి వీడియోలూ ఆ పాత ఆగస్టుకు ముందువే.

Posts విభాగంలో చివరి పోస్టు 2024 ఆగస్టులో పెట్టిన వరలక్ష్మీ వ్రతం శుభాకాంక్షలు. నేను చేరేనాటికి అది పది నెలల కిందటిది. పండగ శుభాకాంక్షలను బట్టి పాఠాలు జరుగుతున్నాయని అనుకోవడానికి లేదు. నిజం ఆ పోస్టు కింది వ్యాఖ్యలలో ఉంది. వాటిని కొత్తవి ముందు వచ్చేలా పెట్టి చదివితే, "అక్కా, క్లాసు ఎప్పుడు పెడతారు?" అని అడిగినవాళ్లు ఎంతమందో ఉన్నారు, ఒక్కరికీ జవాబు లేదు. కట్టే ముందు రెండు నిమిషాలు ఇక్కడ గడిపి ఉంటే సరిపోయేది.

ఇక Joined తేదీ సంగతి. ఛానెల్ వివరణ పక్కనున్న more నొక్కితే అది కనిపిస్తుంది. ఈ ఛానెల్‌కు 2016 అని ఉంది. తొమ్మిదేళ్ల అనుభవమని సంబరపడ్డాను. నిజానికి అది ఛానెల్ ఎప్పుడు తెరిచారో చెబుతుందే గాని, పని ఎప్పుడు మొదలైందో, ఇప్పటికీ సాగుతోందో లేదో చెప్పదు. ఛానెల్ పేరు మార్చినా ఆ తేదీ మారదు. Videosలో Oldest నొక్కితే మొట్టమొదటి వీడియో 2021 నవంబరుది. అంతకు ముందు పెట్టినవేవైనా తీసేశారేమో తెలియదు కానీ, మనకు కనిపించే పని మాత్రం 2021 నవంబరు నుంచి 2023 ఆగస్టు వరకు, అంటే 21 నెలలదే.

ఒక్క ఖాళీని చూసి ఏ ఛానెల్‌నూ కొట్టిపారేయకూడదు. ఎంతో పరిశోధించి మూడు నాలుగు నెలలకొక వీడియో పెట్టేవారూ ఉంటారు. చివరి పది వీడియోల తేదీలు రాసుకుని, వాటి మధ్య మామూలుగా ఉండే ఎడాన్ని ఇప్పటి ఎడంతో పోల్చాలి. ఇక్కడ రెండు వారాలకొకటి చొప్పున వచ్చినవి ఉన్నట్టుండి ఆగిపోయాయి. యజమాని వేరే ఛానెల్‌కు మారి ఉండవచ్చు కూడా; అలాంటప్పుడు చివరి వీడియో వివరణలోనో, చివరి పోస్టులోనో కొత్త లింకు ఉండే అవకాశముంది. నాకైతే ఏదీ దొరకలేదు. సభ్యులకు మాత్రమే కనిపించే పాఠాలు బయటికి కనిపించకపోవచ్చు కాబట్టి, అనుమానముంటే చివరి వీడియో కింద అడిగి, జవాబు వచ్చాకే కట్టండి.

ఇప్పటికే చేరినవాళ్లు గమనించవలసినది ఒకటుంది: ఛానెల్ ఆగిపోయినా, మనం రద్దు చేసుకోనంతవరకు నెలనెలా రుసుము పోవచ్చు. youtube.com/paid_memberships తెరిచి అక్కడ రద్దు చేసుకోవచ్చు. అప్పటికే కట్టిన నెల ముగిసేవరకు సభ్యత్వం కొనసాగుతుంది, ఆ తరువాతి నెల నుంచి రుసుము పడదు.