లొకేషన్ యాడ్స్ స్టోర్ విజిట్ రిపోర్టు: చాలాకాలం వాడాక నా మాట

మా బ్రాంచీలన్నిటికీ లొకేషన్ యాడ్స్, అంటే షాపు చుట్టుపక్కల తిరిగేవాళ్ల ఫోన్లలో కనిపించే యాడ్స్ వేయిస్తూ, వాటితో పాటు వచ్చే స్టోర్ విజిట్ రిపోర్టుని చాలాకాలంగా వాడుతున్నాను. పనికొచ్చేదే, కానీ పైన పెద్దగా కనిపించే మొత్తం విజిట్ల అంకె చూసి మాత్రం బడ్జెట్ పెంచకండి.

ఫోన్‌లో యాడ్ చూసిన మనిషి ఆ తర్వాత కొద్ది రోజుల్లో మన షాపు చుట్టూ గీసిన హద్దులోకి వస్తే దాన్ని యాడ్ సర్వీసు విజిట్‌గా రాసుకుంటుంది. లొకేషన్ అనుమతి ఇచ్చినవాళ్ల ఫోన్లే దానికి కనిపిస్తాయి, మిగతావాళ్లని వీళ్లని బట్టి అంచనా కడుతుంది.

మొదట తేడా కనిపించింది హద్దు దగ్గర. మాకు ఇచ్చింది షాపు చుట్టూ ఒక గుండ్రటి గీత, అందులోకి పక్క షాపూ బస్టాపూ కూడా వచ్చేశాయి. గంటలవారీ రిపోర్టు తెప్పిస్తే షట్టర్ దించేశాక కూడా విజిట్లు నమోదవుతున్నాయి! హద్దుని భవనం ఆకారానికి సరిపోయేలా గీయించి, కనీసం ఐదు నిమిషాలు ఉంటేనే లెక్కించమని, రోజూ కనిపించే ఫోన్లని సిబ్బందివిగా తీసేయమని చెప్పాక రాత్రి విజిట్లు దాదాపు పోయాయి. పెద్ద మాల్స్‌లో ఉన్న బ్రాంచీల అంకెలు ఇప్పటికీ నమ్మను, ఎందుకంటే మనిషి ఏ అంతస్తులో ఉన్నాడో ఫోన్ లొకేషన్ సరిగ్గా చెప్పలేదు.

అసలు సమస్య వేరే. యాడ్ వేసేదే షాపు చుట్టుపక్కల తిరిగేవాళ్లకి, వాళ్లలో చాలామంది యాడ్ లేకపోయినా వచ్చేవాళ్లే. అందుకే అదే ప్రాంతంలో కొంతమందిని ముందే లాటరీ పద్ధతిలో పక్కన పెట్టి, వాళ్లకి యాడ్ చూపించకుండా పోల్చాలి. గుండ్రటి అంకెల్లో చెప్తాను: యాడ్ చూసిన లక్ష మందిలో 1,200 మంది వచ్చారనుకోండి, చూడని లక్ష మందిలో 1,050 మంది వచ్చారనుకోండి, యాడ్ తెచ్చింది 150 మందినే. రిపోర్టు 1,200 అని చూపిస్తుంది, అంటే ఒక్కో కొత్త విజిట్‌కి నిజంగా పడే ఖర్చు అది చెప్పినదానికి ఎనిమిది రెట్లు. మాకు మొదట ఇచ్చిన పోలిక ఊరంతటి సగటుతో, అది అస్సలు ఒప్పుకోకండి, షాపుకి దూరంగా ఉండేవాళ్లు ఎలాగూ తక్కువే వస్తారు కాబట్టి యాడ్ అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తుంది.

ఒక్క చిన్న బ్రాంచికి ఈ పోలిక పెట్టినా ఏమీ తేలదు, వారం వారం వచ్చే మామూలు హెచ్చుతగ్గుల్లోనే తేడా కలిసిపోతుంది. మేము ఒకే తరహా బ్రాంచీలని కలిపి చూస్తున్నాం. సర్వీసు వాళ్లు గుంపుల్ని విడదీయలేమంటే, ఒకేలా నడిచే రెండు బ్రాంచీల్లో ఒకదానికి కొన్ని వారాలు యాడ్ ఆపి, తర్వాత రెండోదానికి ఆపి, బిల్లుల సంఖ్య పోల్చండి. దానికి ఏ ఫోన్ డేటా అక్కర్లేదు.

కొనేముందు వాళ్లని రెండే అడగండి: గంటలవారీ విజిట్లు ఇస్తారా, యాడ్ చూపించని గుంపుని పెడతారా అని. రెండోదానికి తటపటాయిస్తే నేనైతే డబ్బు కట్టను.