రోజుకో వేలా, టెస్టుకో చోటా? వేలి నొప్పికి ఏది మేలు

"వేలు గుచ్చే పెన్ను మీద లోతు నంబర్ తగ్గిస్తే నొప్పి తగ్గుతుందా, వేళ్లు మార్చుకుంటే తగ్గుతుందా?" రోజుకు ఆరేడుసార్లు షుగర్ చూసుకునేవాళ్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. మా అమ్మాయికి టైప్ 1. ఆరుసార్లు గుచ్చాలి. మేము రెండూ చేసి చూశాం.

ముందు నంబర్ సంగతి. 4 మీద ఉన్న పెన్నును ఒక్కసారిగా 1కి తెచ్చాం. చుక్క రాలేదు. వేలు పిండాం, మళ్లీ గుచ్చాం. ఒక్క పోటు బదులు రెండు పడ్డాయి. పిండిన వేలు సాయంత్రం దాకా సలిపింది. పైగా గట్టిగా పిండితే రక్తంలో కణజాల ద్రవం కలిసి రీడింగ్ కూడా తేడా రావచ్చు. ఇప్పుడు గోరువెచ్చని నీళ్లతో సబ్బు పెట్టి కడిగి, బాగా తుడిచి, చెయ్యి అర నిమిషం కిందికి వేలాడేస్తుంది. ఒక్క పోటుకే చుక్క వచ్చే అతి చిన్న నంబరే సరైన నంబర్. తనకు అది 2. పొలం పనితో చేతులు కాయలు కాసిన మా మామయ్యకు 4 లేనిదే రాదు. ఇంకోటి, పెన్నును చర్మానికి అదిమితే సూది లోతుగా దిగుతుంది. ఆనిస్తే చాలు.

నంబర్ కుదిరినా నొప్పి సగమే తగ్గింది. మిగతా సగం తగ్గింది చోటు మార్చడంతోనే. నా లెక్కలో అసలు విషయం ఇదే. వేలి కొన మధ్యలో, మెత్తటి భాగంలో గుచ్చితే పెన్సిల్ పట్టుకున్నా, అన్నం కలిపినా అక్కడే తగులుతుంది. స్పర్శ తెలిపే నరాల కొసలు అక్కడే ఎక్కువ. అందుకే గోరు పక్కన అంచున గుచ్చాలి.

"రోజుకో వేలు" పద్ధతి గుర్తుపెట్టుకోవడం తేలికే. కానీ ఆ రోజు ఒకే వేలికి ఆరు పోట్లు, అంటే ఒక్కో అంచుకు మూడు. రాత్రి టెస్టుకు ఆ వేలు ముట్టుకోనిచ్చేది కాదు. బొటన, చూపుడు వేళ్లు వదిలేస్తే రెండు చేతులకూ ఆరు వేళ్లు, పన్నెండు అంచులు. టెస్టుకో అంచు చొప్పున వరసగా వెళ్తే ఒక్కో చోటుకు రెండు రోజుల విశ్రాంతి. ఎడమ చిటికెన వేలితో మొదలుపెట్టి కుడి చిటికెన వేలితో ముగిస్తాం. మూడో రోజు మళ్లీ మొదటికి. ఎక్కడైనా చర్మం గట్టిపడినా, నల్ల చుక్కలు గుంపుగా కనిపించినా ఆ అంచును వారం పాటు వదిలేస్తాం. ఎర్రగా వాచినా, చీము పట్టినా డాక్టర్‌కు చూపించాలి.

సూది ప్రతిసారీ కొత్తదే మేలు, వాడినకొద్దీ మొన మొద్దుబారుతుంది. సన్నని 33 గేజ్ సూది హాయిగా ఉంటుంది, కానీ కొందరికి చుక్క చాలదు. ముంజేతి మీద గుచ్చే వీలు కొన్ని మీటర్లకే ఉంది. తిన్న వెంటనే, షుగర్ పడిపోతోందని అనుమానం ఉన్నప్పుడు మాత్రం వేలే గుచ్చాలి. అలాంటప్పుడు ముంజేతి రీడింగ్ వెనకబడి ఉంటుంది.