టచ్ ల్యాంపుల జత కొనేముందు అవతలి గదిలో వైఫై ఎలాంటిదో అడగండి

దూరంగా ఉన్నవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే జంట ల్యాంపులు మీరూ చూసే ఉంటారు. ఇక్కడ ముట్టుకుంటే అక్కడ వెలుగుతుంది. మావారు జర్మనీలో చదువుకుంటున్నారు. రాత్రి వీడియో కాల్‌లో ఇద్దరం ల్యాంపులు వెలిగించుకుని కబుర్లు చెప్పుకుందామని ఒక జత కొన్నాను. ₹6,400 అయింది, కొరియర్‌కి ఇంకో ₹2,900.

పంపేముందు విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటి వైఫైకి రెండింటినీ కలిపి చూశాను. బాగా పనిచేశాయి. నేను మోసపోయింది అక్కడే. ఆ పరీక్షలో తెలిసింది మా ఇంటి వైఫై సంగతే.

ఆయన హాస్టల్లో ఉన్నది eduroam అనే యూనివర్సిటీల వైఫై. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, యూనివర్సిటీ యూజర్ ఐడీ కూడా ఇవ్వాలి. ల్యాంపు యాప్‌లో వైఫై పేరుకి, పాస్‌వర్డ్‌కి మాత్రమే గడులున్నాయి. యూజర్ ఐడీ రాసే చోటే లేదు. వారం రోజులు ప్రయత్నించాం, ఎర్ర లైటు మిణుకుమంటూనే ఉంది. ఆయన మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

అమ్మినవాళ్లు వాపసు తీసుకోం అన్నారు. రెండూ కలిపి పది రోజుల్లోపు పంపాలట. కొరియర్ చేరడానికే పన్నెండు రోజులు పట్టింది.

కొనేముందు అవతలివాళ్లని వైఫైకి ఎలా కలుస్తారో అడగండి. యూజర్ ఐడీ అడిగినా, పీజీల్లోలాగా లాగిన్ పేజీ తెరుచుకున్నా ఆశ పెట్టుకోకండి. ల్యాంపులో ఆ పేజీ తెరిచే బ్రౌజర్ ఉండదు. ఇలాంటి ల్యాంపులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి, కాబట్టి రౌటర్లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్ చేసి ఉంటే ల్యాంపుకి ఆ నెట్‌వర్క్ కనిపించనే కనిపించదు.

ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుస్తుంది. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్ సెట్టింగ్‌లో Maximize Compatibility ఆన్ చేయాలి, అప్పుడు 2.4కి మారుతుంది. మేము అలాగే వెలిగించాం. కానీ ఆయన ఫోన్ తీసుకుని క్లాసుకి వెళ్లగానే ల్యాంపు నెట్ పోతుంది. నేను ఇక్కడ ముట్టుకున్నది అక్కడికి చేరదు.

ఇంకో మాట. మేము కొన్న ల్యాంపులు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు, కబురు కంపెనీ సర్వర్ మీదుగా వెళ్తుంది. రేపు వాళ్లు ఆ సర్వర్ ఆపేస్తే రెండూ మామూలు బెడ్ లైట్లే. అందుకే యాప్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో కూడా చూడండి.

ఇప్పుడు మేము అష్టాచెమ్మా ఆడుతున్నాం. అట్ట మీద ఐదు అయిదుల గళ్లు ఇక్కడ నేను గీసుకున్నాను, అక్కడ ఆయన గీసుకున్నారు. బీచ్ రోడ్డులో కొన్న గవ్వల్లో నాలుగు ఆయనకి పంపాను. ఎవరి గవ్వలు వాళ్లు కెమెరా ముందు వేస్తాం, కాయలు రెండు అట్టల మీదా జరుపుతాం. నిన్న రాత్రి ఆయనకి వరసగా రెండు అష్టాలు పడ్డాయి.